నాలుగ్గంటల దయ వద్దు, పదకొండు గంటల మీటింగు కావాలి

నాలుగ్గంటలకు ఇంటికి పొమ్మంటారు. మీటింగు మాత్రం మూడున్నరకు పెడతారు. రంజాన్ నెలలో ఆఫీసుల్లో మా బతుకంతా ఈ అరగంటలోనే నలుగుతుంది.

2025 ఫిబ్రవరిలో తెలంగాణ ప్రభుత్వం ఒక మెమో ఇచ్చింది. మార్చి 2 నుంచి 31 దాకా ముస్లిం ఉద్యోగులు సాయంత్రం నాలుగ్గంటలకు ఆఫీసు వదిలి వెళ్ళవచ్చన్నది. టీచర్లకూ, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ళకూ, బోర్డులు, కార్పొరేషన్లలో పనిచేసే వాళ్ళకూ వర్తిస్తుందన్నది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఒక గంట ముందు వెళ్ళడానికి అనుమతి ఇచ్చింది. ఇది ఆ ఏడాది పుట్టిన సంగతి కాదు. ఉమ్మడి రాష్ట్రం నుంచీ వస్తున్నదే. అయినా దేశమంతా కొత్తగా విన్నట్టు గగ్గోలు లేచింది. బీజేపీ నాయకులు బుజ్జగింపు అన్నారు. నవరాత్రుల్లో ఉపవాసముండే హిందువులకు ఎందుకివ్వరని అడిగారు. ప్రభుత్వం వైపు వాళ్ళు పాతదే కదా అని సర్దుకున్నారు. వారం రోజులు మేము టీవీల్లో వార్తయ్యాం. అటు తిట్టినవాళ్ళూ ఇటు వెనకేసుకొచ్చినవాళ్ళూ అందరూ ఆ నాలుగ్గంటల గురించే మాట్లాడారు. మెమోలో ఉన్న ఇంకో ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. సర్వీసు అవసరాల రీత్యా ఉద్యోగి హాజరు కావలసి వచ్చినప్పుడు తప్ప అని అందులో ఉంది.

ఆ 'తప్ప'లోనే మా నెలంతా పోతుంది.

మేము ఇబ్రహీంపట్నం, మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపు చిన్న ఉద్యోగాలు చేసుకునే వాళ్ళం. జూనియర్ అసిస్టెంట్లం, టీచర్లం, కంప్యూటర్ ఆపరేటర్లం, అటెండర్లం. సెక్రటేరియట్ మెమో మా దాకా వాట్సాప్‌లో వస్తుంది. చూసి సంతోషపడి దాచుకుంటాం. తర్వాత మంగళవారం మీటింగుకు పోతాం. ఆ మీటింగులో ఏం జరుగుతుందో మీకు చెప్పాలి. ఎందుకంటే మెమో మీద తగాదా పడ్డవాళ్ళలో ఆ గదిలో కూర్చున్నవాళ్ళు ఎవరూ లేరు.

మా వైపు ఒక ఆఫీసు. పేరు అనవసరం, అన్ని ఆఫీసులూ అదే తీరు. వారానికొకసారి రివ్యూ మీటింగు. మూడున్నరకు మొదలవుతుందని కాగితం మీద ఉంటుంది. సార్ వచ్చేసరికి మూడూ యాభై. పన్నెండు మంది కూర్చుంటారు. అందులో మావాళ్ళు ముగ్గురు. 2025లో రంజాన్ సరిగ్గా మార్చిలో వచ్చింది. మార్చి అంటే ఆర్థిక సంవత్సరం ఆఖరు. పన్నుల వసూళ్ళు, బిల్లులు, టార్గెట్లు. ఏడాదంతా గంటలో ముగిసే మీటింగు మార్చిలో రెండు గంటలు సాగుతుంది. చివరికి ఈద్ కూడా మార్చి 31నే పడింది. ఆ రోజు ప్రభుత్వ లావాదేవీల కోసం బ్యాంకులు తెరిచి ఉంచాలని రిజర్వు బ్యాంకు చెప్పాల్సి వచ్చింది. లెక్కల నెలా మా నెలా ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

ఆ ముగ్గురిలో జూనియర్ అసిస్టెంట్ ఒకాయన. నాలుగు కొట్టగానే లేవాలా వద్దా అని గడియారం చూస్తాడు. లేస్తే పదకొండు తలకాయలు ఒక్కసారి ఆయన వైపు తిరుగుతాయి. "పోండ్రి భాయ్, మీకేంది, సర్కారే పొమ్మన్నది" అని ఎవరో నవ్వుతారు. ఆ నవ్వులో కోపం ఉండదు, నిజమే. కానీ ఆ నవ్వు మధ్యలోంచి లేచి నడవడానికి తలుపు చాలా దూరమనిపిస్తుంది. ధైర్యం చేసి పోతాడు. మర్నాడు వచ్చేసరికి ఎవరూ తీసుకోని రెండు ఊళ్ళ వసూళ్ళు ఆయన పేరు మీద పడి ఉంటాయి. "నువ్వు లేకపోతివి కదా" అంటారు.

రెండో ఆమె కంప్యూటర్ ఆపరేటర్. ఔట్‌సోర్సింగ్. ఏ ఊరిది ఎంత శాతం అయిందో తెర మీద చూపించవలసింది ఆమే. మెమోలో ఔట్‌సోర్సింగ్ అన్న మాట ఉంది. కానీ వచ్చే ఏడాది ఏజెన్సీ తనను ఉంచుతుందో లేదో తెలియని మనిషి సార్ మాట్లాడుతుండగా లేచి పోతుందా? ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఎవరూ పొమ్మని అనలేదు.

మూడో మనిషి అటెండర్. నాలుగున్నరకు పన్నెండు మందికి చాయ్ తెచ్చి పోయాల్సింది ఆయనే. తెల్లవారుజామున నాలుగున్నరకు తాగిన నీళ్ళ తర్వాత గొంతులో చుక్క పడని మనిషి వేడి చాయ్ కప్పులు అందిస్తూ తిరుగుతాడు. "నువ్వు తాగవా సాబ్?" అని ఒకరిద్దరు అలవాటుగా అడుగుతారు. మీటింగు అయిపోయాక కప్పులు కడిగి, కుర్చీలు సర్ది, తాళం వేసేది కూడా ఆయనే. ఆ ఆఫీసులో నాలుగ్గంటల అనుమతి అందరికన్నా ఎక్కువ కావాల్సింది ఆయనకు. దాన్ని ఒక్కరోజు కూడా వాడుకోలేనిదీ ఆయనే.

మార్చి మొదట్లో మా వైపు పొద్దు గుంకేది ఆరూ ఇరవై ప్రాంతంలో. నెలాఖరుకు ఆరున్నర. ఐదూ ముప్పావుకు మీటింగు వదిలితే, బస్సు దొరికి, ఇల్లు చేరేసరికి అజాన్ అయిపోతుంది. బస్సులోనే ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని రోజా విడవడం మాకు కొత్త కాదు. జగిత్యాలలో మీటింగయితే మరీ అన్యాయం. కోరుట్ల, మెట్‌పల్లి దాటుకుని ఇబ్రహీంపట్నం చేరాలి. గంటలో అయ్యే పని కాదు.

ఇప్పుడు చెప్పండి. నాలుగ్గంటల అనుమతి ఎవరికి పనికొచ్చింది? అది మాకు గంట సమయం ఇవ్వలేదు. పదిమందిలోంచి లేపి నిలబెట్టింది. ఉండిపోతే శరీరం ఓడిపోతుంది. వెళ్ళిపోతే ఉద్యోగం ఓడిపోతుంది. మేము అడుగుతున్నది వేరు. మమ్మల్ని ముందుగా పంపకండి. మీటింగునే ముందుకు జరపండి. అందరికీ జరపండి. అప్పుడు ఎవరూ లేవనక్కర లేదు, ఎవరూ నవ్వనక్కర లేదు.

ఏ గంటకు జరపాలి? దీనికి మా రోజు ఎలా గడుస్తుందో తెలియాలి. రాత్రి ఇషా తర్వాత తరావీ నమాజు. మసీదుల్లో అది తొమ్మిదిన్నర, పది దాకా నడుస్తుంది. పడుకునేసరికి పదకొండు. సహరి కోసం నాలుగింటికే లేవాలి. వండే ఆడవాళ్ళయితే మూడున్నరకే. అంటే రోజా అలసటలో సగం ఆకలిది కాదు, నిద్రది. చాయ్‌కి అలవాటు పడ్డవాళ్ళకు మొదటి మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం తలనొప్పి పట్టుకుంటుంది. తర్వాత తగ్గుతుంది. పొద్దున పదింటి నుంచి జుహర్ దాకా మనిషి బాగానే ఉంటాడు. మాట స్పష్టంగా ఉంటుంది, లెక్క తప్పదు. రెండు దాటాక నోరెండుతుంది. మూడు నుంచి ఐదు మధ్య వేళ అన్నిటికన్నా కష్టం. మన ఆఫీసులు మీటింగులకు ఏరి కోరి ఎంచుకున్నది సరిగ్గా ఆ వేళనే.

కాబట్టి మీటింగు పొద్దున ఉండాలి. మరీ పొద్దునే కాదు. పంచాయతీ సెక్రటరీలకు పొద్దున ఊళ్ళో పారిశుధ్యం పని చూసుకునే బాధ్యత ఉంటుంది. పదింటికి మండలానికి రమ్మంటే వాళ్ళ పని చెడుతుంది. మాకు మేలు చేయడానికి వాళ్ళను ఇబ్బంది పెట్టమని మేము అడగం. పదకొండుకు మొదలుపెట్టి పన్నెండున్నరకు ముగిస్తే వాళ్ళకూ సరిపోతుంది, మాకూ సరిపోతుంది. శుక్రవారం మాత్రం వద్దు. పన్నెండున్నర దాకా సాగితే జుమా నమాజుకు పరుగెత్తాల్సి వస్తుంది. ఇంకో సంగతి. మొదలయ్యే గంట మారిస్తే చాలదు, ముగిసే గంట కాగితం మీద రాయాలి. ముగింపు లేని మీటింగును ఏ గంటకు పెట్టినా సాయంత్రం దాకా సాగదీస్తారు.

మంచి మనసుతోనే తప్పు పరిష్కారాలు చెప్పే మిత్రులున్నారు. వాళ్ళతో కూడా మాట్లాడాలి.

ఒకరంటారు, "ఇఫ్తార్ అయ్యాక ఏడింటికి ఆన్‌లైన్‌లో పెట్టుకుందాం." పగలంతా పస్తున్న మనిషికి దొరికే గంటన్నర అది. తిని, మగ్రిబ్ చదివి, కాస్త నడుం వాల్చి, తరావీకి పోవాలి. ఆడవాళ్ళయితే ఆ గంటన్నర కూడా గిన్నెల దగ్గరే. మీరు మాకోసం అని పెట్టే ఆ మీటింగు మా రోజులో మిగిలిన ఒక్క సొంత వేళను మింగుతుంది. ఇంకొకరు పొద్దున ఏడున్నరకు అంటారు. ఫజర్ తర్వాత తీసే ఆ చిన్న నిద్ర మీదే మిగతా రోజు నిలబడుతుంది.

మూడో మాట అన్నిటికన్నా ప్రమాదం. "మీరు రాకపోయినా పర్లేదు భాయ్, మేం చూసుకుంటాం." ఇది ప్రేమలాగే వినిపిస్తుంది. కానీ మీటింగులో లేని మనిషి నెల తిరిగేసరికి ఆఫీసులోనే లేనట్టు అవుతాడు. నిర్ణయాలు ఆయన వెనక జరుగుతాయి. మంచి పని ఆయనకు అందదు, చెత్త పని ఆయనకు మిగులుతుంది. మాకు మినహాయింపు వద్దు. ఆ బల్ల దగ్గర మా కుర్చీ మాకు కావాలి. మేము నోరు తెరిచి మాట్లాడగలిగే వేళలో కావాలి.

ఇక ఎలా అడగాలి, ఎవరడగాలి అన్నది. ఇక్కడే చాలామంది తడబడతారు. మంచి ఆఫీసరు ఒకాయన మీటింగులోనే "ఎవరెవరు రోజా ఉంటున్నరు, చేతులెత్తండి" అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ ఆ గదిలో ఉన్న మా ఆడపిల్ల చెయ్యెత్తాలా వద్దా అని చచ్చిపోయింది. నెలసరి రోజుల్లో స్త్రీలకు రోజా ఉండదు. ఆ రోజులు తర్వాత తీర్చుకుంటారు. గర్భిణికి, పాలిచ్చే తల్లికి, రోగికి, ప్రయాణంలో ఉన్నవాడికి సడలింపు ఉంది. జబ్బుపడ్డవాళ్ళకూ ప్రయాణికులకూ ఖురాన్ రెండో సూరాలోనే మినహాయింపు ఉంది. షుగర్ మందులు వేసుకునేవాళ్ళు మాలో ఎందరో. చెయ్యెత్తని మనిషి తన నెలసరినో తన రోగాన్నో పన్నెండు మంది ముందు చెప్పుకున్నట్టు. ఏ కారణమూ లేకుండా, నమ్మకం లేకనే రోజా ఉండని వాళ్ళూ మాలో ఉన్నారు. వాళ్ళు సమాధానం చెప్పుకోవాల్సింది ఆఫీసుకు కాదు. అందుకని లెక్క తీయకండి. జాబితా రాయకండి. నెల పేరు చెప్పండి, మనుషుల పేర్లు చెప్పకండి.

అడిగేది కూడా మేమే కాకుండా ఉంటే మంచిది. పైన చెప్పిన ఆపరేటరూ అటెండరూ అడగలేరు. అడిగితే మాట పడతారు. అడగాల్సింది మీటింగు పెట్టే ఆఫీసరు. ఆయనకు తోచకపోతే ఆ బల్ల దగ్గర కూర్చున్న ఏ యాదగిరో, ఏ లక్ష్మో అడగొచ్చు. షాబాన్ నెల సగంలో, అంటే రంజాన్‌కు రెండు వారాల ముందే, ఆ నెల మీటింగుల పట్టిక బల్ల మీద పెట్టి చూడాలి. నాలుగు దాటేవి ఏవి, శుక్రవారం మధ్యాహ్నానికి తగిలేవి ఏవి గుర్తు పెట్టాలి. తర్వాత అందరికీ ఒకే కాగితం. అది ఇంతకన్నా పెద్దగా ఉండనక్కర లేదు:

"రంజాన్ నెల దృష్ట్యా వారపు సమీక్ష ఈ నెలంతా మంగళవారం ఉదయం 11కు మొదలై 12.30కు ముగుస్తుంది. మూడు తర్వాత కొత్తగా ఏ మీటింగూ పెట్టవద్దు. ఈ మార్పు వల్ల ఎవరికి ఏ ఇబ్బంది ఉన్నా, ఏ కారణంతోనైనా, శనివారం లోగా విడిగా చెప్పండి, సర్దుదాం. తప్పనిసరి పని పడి నాలుగు దాటి ఎవరినైనా ఉండమనాల్సి వస్తే ఆ సంగతి ఆ రోజు పన్నెండు లోపే చెప్పాలి."

చివరి వాక్యమే అసలైనది. మెమోలోని 'తప్ప'కు అది కళ్ళెం వేస్తుంది. వరద వస్తే, ఎన్నికల పని పడితే, ఊళ్ళో ప్రమాదం జరిగితే మేమూ ఉంటాం, ఎప్పుడూ ఉన్నాం. కానీ ప్రతి మంగళవారం వచ్చేదాన్ని అత్యవసరం అనకూడదు. పన్నెండు లోపు చెప్పగలిగితే మేము ఇంటికి కబురు చేసుకుంటాం, వెంట నాలుగు ఖర్జూరాలు పెట్టుకుంటాం. ఆ రోజు మీటింగు మధ్యలో పొద్దు గుంకితే పది నిమిషాలు ఆపండి. అంతే.

ఒక ఒప్పుకోలు కూడా ఉంది. జిల్లా నుంచి, రాష్ట్రం నుంచి సాయంత్రం పెట్టే వీడియో కాన్ఫరెన్సులు మండలం చేతుల్లో లేవు. మండలం ఆఫీసరు ఎంత మంచివాడైనా ఐదింటికి తెర వెలిగితే అందరూ కూర్చోవాల్సిందే. అందుకే ఈ కాగితం పైకి కూడా పోవాలి. నాలుగ్గంటల మెమో ఇచ్చే ప్రభుత్వం అదే మెమోలో ఇంకో వాక్యం రాయొచ్చు: ఈ నెలలో సమీక్షలు మధ్యాహ్నం లోపే పెట్టండి అని. ఆ వాక్యం లేనంతకాలం మొదటి వాక్యానికి విలువ లేదు.

"ఆఫీసుకు మతమేంది?" అని మా లౌకికవాద మిత్రులు అడుగుతారు. వాళ్ళ మీద మాకు గౌరవం ఉంది. కష్టకాలంలో మా పక్కన నిలబడ్డవాళ్ళు వాళ్ళే. అయినా వాళ్ళను అడగాలి. ఆఫీసు గడియారానికి మతం లేదని మీకెవరు చెప్పారు? ఆదివారం సెలవు ఎక్కడి నుంచి వచ్చింది? కొత్త బిల్డింగు ప్రారంభానికి రాహుకాలం దాటనిచ్చి రిబ్బను కత్తిరించింది ఎవరు? కొండగట్టు మా జిల్లాలోనే ఉంది. హనుమాన్ మాల వేసుకున్న తోటి ఉద్యోగులు కాషాయం కట్టుకుని, చెప్పుల్లేకుండా మా పక్క కుర్చీలోనే కూర్చుంటారు. వాళ్ళ పూజ వేళకు మేము వాళ్ళ ఫైలు చూసి పెడతాం. అయ్యప్ప మాలలోనూ అంతే. దాన్ని మేము ఏనాడూ బుజ్జగింపు అనలేదు. మనిషి నిష్ఠ అన్నాం. మీ నిష్ఠ అలవాటుగా సాగిపోతుంది, మా నిష్ఠకు మెమో కావాలి. మెజారిటీ కాలం కాలమే, మైనారిటీ కాలం రాయితీ. మా పేచీ ఇక్కడ.

నవరాత్రుల మాట ఎత్తినవాళ్ళకూ ఇదే జవాబు. మంచి ప్రశ్న అడిగారు. నవరాత్రుల్లో ఒక్కపొద్దుండే అక్క సాయంత్రం మీటింగులో కళ్ళు తిరిగి కూర్చుంటే అదీ తప్పే. ఆమె కోసం మీటింగు జరపమని కాగితం రాయండి, మొదటి సంతకం మేము పెడతాం. కానీ ఆమె పేరు మా నోటి దగ్గరి ఖర్జూరం లాక్కోవడానికి మాత్రమే గుర్తొస్తే, ఆమె మీద మీకు ప్రేమ లేదని అర్థం.

గంట మార్చడం ఈ నేలకు తెలియని విద్య కాదు. మార్చి సగంలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. ఎండ ముదిరిందని రాష్ట్రమంతా బడిగంట మారుతుంది. పిల్లల భోజనం వేళ మారుతుంది, టీచర్ల బస్సులు మారతాయి. ఒక్కరు కూడా ఎండను బుజ్జగిస్తున్నారనరు. ఉపాధి హామీ కూలీలు ఎండాకాలం తెల్లారకముందే పనిలోకి దిగుతారు. శరీరం తట్టుకోలేని వేళలో పని చేయించకూడదన్న ఇంగితం మనకుంది. అది మా శరీరం దగ్గరికొచ్చేసరికి రాజకీయమవుతున్నది.

మా జగిత్యాల జిల్లాకు ఇంకో పాఠం కూడా తెలుసు. ఇక్కడ గల్ఫుకు మనిషి పోని ఊరు దొరకడం కష్టం. పోయినవాళ్ళలో ఎక్కువమంది హిందువులే. దుబాయిలో పనిచేసినవాళ్ళను అడగండి. అక్కడి చట్టం రంజాన్‌లో ప్రైవేటు కంపెనీల్లో రోజుకు రెండు గంటల పని తగ్గిస్తుంది. రోజా ఉన్నవాళ్ళకే కాదు, ఉండనివాళ్ళకు కూడా. ఇబ్రహీంపట్నం నుంచి పోయిన మేస్త్రీ ఏ మతం వాడైనా ఆ రెండు గంటలకు హక్కుదారే. సౌదీలో తీరు వేరు. అక్కడ ముస్లిం కార్మికులకు మాత్రమే రోజుకు ఆరు గంటలని చట్టం. ఆ రెండు దేశాలనూ మేము ఆదర్శం అనడం లేదు. అక్కడ మనవాళ్ళు పడే పాట్లు ఈ జిల్లాలో ప్రతి గడపకూ తెలుసు. ఈ ఒక్క విషయంలో తేడా మాత్రం చూడండి. అందరికీ మారిస్తే ఎవరూ ఎవరినీ చూసి కుళ్ళుకోరు. కొందరికే ఇస్తే ఆ కొందరు వేలెత్తి చూపబడతారు. మన నాలుగ్గంటల మెమో సౌదీ పద్ధతి. మేము అడుగుతున్న పదకొండు గంటల మీటింగు దుబాయి పద్ధతి.

ఇంత మీకు చెప్పి మావాళ్ళకు చెప్పకుండా పోతే అది ఏకపక్షం. రోజా లెక్క తీసే జబ్బు మా ఇళ్ళలోనూ ఉంది. "రోజా నహీ రఖే?" అని నలుగురిలో అడిగే పెద్దమనుషులు మాలో ఉన్నారు. ఆఫీసులో మూల గదిలో దొంగచాటుగా రెండు మెతుకులు తినే మా ఆడపిల్లను అడగండి, ఎవరికి భయపడి తింటున్నదో చెబుతుంది. సగం మీకు, సగం మాకు. అలాగే నాలుగింటికి ఇల్లు చేరిన మగవాడు మంచమెక్కి, అదే ఆఫీసు నుంచి వచ్చిన ఆడమనిషి పొయ్యి దగ్గరికి పోతే ఆ గంట ఆమెకు దొరకనట్టే. ఆఫీసును మారమనే నోటితో ఇంటినీ మారమనాలి.

ఇంకొకటి. ఈ వ్యాసం నెల జీతాల వాళ్ళది. మెట్‌పల్లి, కోరుట్లల్లో చాటల ముందు కూర్చుని బీడీలు చుట్టే మా అమ్మలకు మీటింగుల్లేవు, మెమోలు లేవు. వెయ్యి బీడీలకింత అని లెక్క. నాలుగింటికి చాట పక్కన పెడితే ఆ మేరకు కూలి పోతుంది. సిరిసిల్ల మగ్గాల దగ్గర కూడా అంతే, నడిచిన గజానికే పైసలు. వాళ్ళ రంజాన్ కోసం వేరే కొట్లాట కావాలి, అది కూలి రేటు కొట్లాట. కానీ వాళ్ళకూ ఒక మీటింగుంది. మహిళా సంఘం మీటింగు. చాలా ఊళ్ళలో పనులయ్యాక పొద్దు గుంకే వేళకే కూర్చుంటారు. రాకపోతే జరిమానా కట్టించే సంఘాలూ ఉన్నాయి. అజాన్ వేళకు ఇంట్లో ఉండాలా, జరిమానా కట్టాలా? సంఘం అక్కలు ఆ నెలకు మీటింగును పొద్దుటికి మార్చుకోవడానికి కలెక్టరు సంతకం అక్కర లేదు. అందరూ కూర్చుని ఒక మాట అనుకుంటే చాలు. సర్కారు ఆఫీసుకన్నా ముందు అక్కడే ఇది జరగొచ్చు.

మార్పు జరిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది? కాగితం చూసి తెలియదు. నెల తిరిగాక మినిట్స్ పుస్తకం తీయండి. ఆ నెలలో పనుల పంపకం ఎన్నిసార్లు నాలుగు దాటాక జరిగిందో చూడండి. మావాళ్ళు నోరు విప్పిన మాట ఒక్కటైనా అందులో ఉందేమో చూడండి. వెళ్ళిపోయిన మనిషి పేరు మీద ఆయనకు చెప్పకుండా పడ్డ పని ఏదైనా ఉందేమో చూడండి. అటెండర్ ఏ గంటకు తాళం వేశాడో అడగండి. ఈ నాలుగూ చెబుతాయి.

రంజాన్ చంద్రుడితో నడుస్తుంది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మార్చి దాటి చలికాలంలోకి వస్తున్నది. 2030లో జనవరిలో ఒకసారి, మళ్ళీ డిసెంబరు చివర్లో ఒకసారి మొదలవుతుంది. అప్పుడు మా వైపు ఆరు కాకుండానే పొద్దు గుంకుతుంది. నాలుగింటికి మొదలైన మీటింగు ముగిసేసరికి అజాన్ వినిపిస్తుంది. మెమోలో గంట అదే నాలుగు, ఆకాశంలో గంట వేరు. అందుకని ఏ ఏడు పట్టిక ఆ ఏడే చూసుకోవాలి. వచ్చే షాబాన్‌లో మీటింగుల పట్టిక వేసేటప్పుడు మమ్మల్ని జాలిగా చూడకండి. పట్టిక చూడండి. మూడున్నర అని రాసి ఉన్నచోట కొట్టేసి పదకొండు అని రాయండి.